మైక్రోవేవ్ ఆన్ చేస్తే వైఫై తడబడుతోందా? ఓవెన్, కార్డ్‌లెస్ ఫోన్, బ్లూటూత్‌లలో దోషి ఏదో పట్టుకునే పద్ధతి

ప్రశ్న: మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. రౌటర్ హాల్లో టీవీ పక్కన ఉంది. ఆ గోడకి అవతలే కిచెన్ ప్లాట్‌ఫారం మీద మైక్రోవేవ్. నేను వెనక బెడ్‌రూమ్‌లో కూర్చుని పని చేస్తాను. అమ్మ ఓవెన్ ఆన్ చేసిందంటే చాలు, మీటింగ్‌లో నా గొంతు అవతలివాళ్ళకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట. వాళ్ళ మాటలు మాత్రం నాకు బాగానే వినిపిస్తాయి. హాల్లోనే ల్యాండ్‌లైన్ కార్డ్‌లెస్ ఫోన్ కూడా ఉంది, నేనేమో బ్లూటూత్ హెడ్‌సెట్ వాడతాను. ల్యాప్‌టాప్ 2.4లోనే కలుస్తోంది, ఛానెల్ 11 అని చూపిస్తోంది. ఓవెన్ మార్చాలా, రౌటర్ మార్చాలా? రేడియేషన్ లీక్ అవుతోందేమోనని భయంగా కూడా ఉంది.

జవాబు:

ఓవెన్ మార్చక్కర్లేదు. రౌటర్ కూడా చాలావరకు మార్చక్కర్లేదు, దాని చోటు మార్చాలి, మీ ల్యాప్‌టాప్‌ని ఓవెన్ కూడా వాడే 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్ళాలి. అయితే ఆ పని మొదలుపెట్టే ముందు మూడింటిలో ఏది ఎంత పాడుచేస్తోందో తేల్చుకోవాలి. ఎందుకంటే ఓవెన్‌కి పనిచేసే మందు కార్డ్‌లెస్ ఫోన్‌కి పనిచెయ్యదు, బ్లూటూత్ సంగతి అసలు వేరు.

మీరు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. మీ గొంతు తెగిపోతోంది, వాళ్ళ గొంతు తెగట్లేదు. రేడియోలో అంతరాయం ఎప్పుడూ వినేవాడిని దెబ్బతీస్తుంది, మాట్లాడేవాడిని కాదు. మీ గొంతు గాలిలో ల్యాప్‌టాప్ నుంచి రౌటర్‌కి వెళ్తుంది, అంటే అక్కడ వినాల్సింది రౌటర్. ఆ రౌటర్ ఓవెన్ పక్క గోడకే ఆనుకుని ఉంది. వాళ్ళ గొంతు వినాల్సింది మీ ల్యాప్‌టాప్, అది ఓవెన్‌కి దూరంగా వెనక గదిలో ఉంది. మీ ల్యాప్‌టాపే ఓవెన్ పక్కన ఉండి, రౌటర్ దూరంగా ఉంటే కథ తిరగబడేది: మీకు వాళ్ళ మాట తెగేది, మీ మాట వాళ్ళకి బాగా చేరేది.

ఇందులో ఇంకో చిక్కుంది. వైఫై పరికరం ఏదైనా పంపే ముందు ఒకసారి గాలిని వింటుంది. గట్టి రొద ఉంటే ఆగి, తగ్గాక పంపుతుంది. ఓవెన్ పక్కనే ఉన్న రౌటర్‌కి ఆ రొద గట్టిగా వినిపిస్తుంది కాబట్టి అది ఆగి, సందు చూసుకుని పంపుతుంది. అందుకే మీవైపు వచ్చే మాట కొద్దిగా ఆలస్యమైనా చెడకుండా వస్తుంది. మీ ల్యాప్‌టాప్‌కి మాత్రం ఓవెన్ రొద వినిపించదు. గాలి ఖాళీగా ఉందనుకుని పంపేస్తుంది. అది రౌటర్ దగ్గరికి చేరేసరికి రొదలో కలిసిపోతుంది. ల్యాప్‌టాప్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా పని జరగకపోవడానికి కారణం ఇదే. ఆ గీతలు మీకు రౌటర్ ఎంత బాగా వినిపిస్తోందో చెబుతాయి, రౌటర్‌కి మీరెలా వినిపిస్తున్నారో చెప్పవు.

ముందు మీ భయం సంగతి తీర్చేద్దాం. వెనక గదిలోంచి గోడలు దాటి మీ ల్యాప్‌టాప్ సిగ్నల్ రౌటర్‌కి చేరేసరికి అది మైనస్ 60 డీబీఎం దగ్గర ఉందనుకోండి. అంటే ఒక నానోవాట్, వాట్‌లో వంద కోట్ల వంతు. ఓవెన్ లోపల తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ 800 వాట్లతో వండుతుంది. తలుపు సందుల్లోంచి మొత్తం ఒక్క మిల్లీవాట్ బయటికి వచ్చిందనుకుందాం. ఈ ఫ్రీక్వెన్సీలో ఖాళీ గాలిలో ఒక మీటరు దూరంలో రౌటర్ యాంటెన్నా అందుకునేది అందులో సుమారు పదివేలో వంతు, అంటే 100 నానోవాట్లు. అయినా అది మీ సిగ్నల్‌కి వంద రెట్లు. మధ్యలో గోడ కొంత మింగినా ఇంకా రొదదే పైచేయి. అదే ఒక మిల్లీవాట్‌ని భద్రతా ప్రమాణంతో పోల్చండి: వాడుతున్న ఓవెన్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో చదరపు సెంటీమీటర్‌కి 5 మిల్లీవాట్ల వరకు అనుమతి ఉంది. వైఫైని కుదిపే లీకు మనిషికి హాని చేసే స్థాయికి ఎంతో కింద ఉంటుంది. వైఫై తడబడటం ఒక్కటే ఓవెన్ చెడిపోయిందనడానికి సాక్ష్యం కాదు.

దీనికోసం ఫోన్‌ని ఓవెన్‌లో పెట్టి కాల్ చేసి చూసే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని నమ్మకండి. ఓవెన్ తలుపు అంచు 2450 మెగాహెర్ట్జ్ తరంగాన్ని ఆపడానికి కొలిచి చేసిన గాడి. మొబైల్ సిగ్నల్‌లో ఎక్కువ భాగం వేరే ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, పైగా ఫోన్ అతి బలహీనమైన సిగ్నల్‌ని కూడా పట్టగలదు. రింగ్ అయినంత మాత్రాన తలుపు చెడిందని అర్థం కాదు.

ఇక ఓవెన్ అసలు ఏం చేస్తుందో చూద్దాం. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఓవెన్‌లో మాగ్నెట్రాన్ కరెంటు తరంగంలో ఒక సగానికే పనిచేస్తుంది, రెండో సగానికి ఊరుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక చుట్టు 20 మిల్లీసెకన్లు. అందులో దాదాపు 10 మిల్లీసెకన్లు రొద, 10 మిల్లీసెకన్లు నిశ్శబ్దం. సెకనుకి 50 సార్లు ఇలా నడుస్తుంది. ఆ నిశ్శబ్దంలో వైఫై దూరిపోవచ్చు. 1500 బైట్ల ప్యాకెట్‌ని 65 ఎంబీపీఎస్ వేగంతో పంపితే గాలిలో 0.2 మిల్లీసెకన్ల లోపే అయిపోతుంది, పది మిల్లీసెకన్ల సందులో అలాంటివి బోలెడు పడతాయి.

తప్పు జరిగేది దీని తర్వాత. కొన్ని ప్యాకెట్లు రొదలో పోగానే ల్యాప్‌టాప్ వాటిని మళ్ళీ పంపుతుంది. అవీ పోతే దూరం ఎక్కువై సిగ్నల్ చాలట్లేదని లెక్కేసుకుని వేగం తగ్గిస్తుంది. నిజంగా దూరం వల్ల వచ్చే సమస్యకి అదే సరైన పని. ఓవెన్ విషయంలో మాత్రం పూర్తిగా ఎదురుతిరుగుతుంది. వేగం తగ్గితే ప్యాకెట్ గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, ఎక్కువసేపు ఉంటే రొద సగానికి తగిలే అవకాశం పెరుగుతుంది. తగ్గి తగ్గి 1 ఎంబీపీఎస్‌కి దిగిందంటే అదే 1500 బైట్ల ప్యాకెట్‌కి 12 మిల్లీసెకన్లు కావాలి. సందు పదే. అంటే ఆ ప్యాకెట్ ఎప్పుడు మొదలుపెట్టినా రొద తగలక తప్పదు. మైక్రోవేవ్ ఆన్ చేయగానే వేగం సగానికి పడి ఆగాల్సింది, పూర్తిగా చచ్చిపోవడానికి చాలా ఇళ్ళలో కారణం ఇదే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే కింద చెప్పబోయే సెట్టింగ్‌లలో ఒకటి ఎందుకో అర్థమవుతుంది. ఇన్వర్టర్ ఓవెన్లలో ఈ 20 మిల్లీసెకన్ల తాళం ఇంత శుభ్రంగా ఉండదు, నిశ్శబ్దం తక్కువ దొరుకుతుంది, కాబట్టి సెట్టింగ్‌ల కంటే దూరం, 5 గిగాహెర్ట్జ్ అక్కడ ముఖ్యం.

ఇప్పుడు పరీక్ష. ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ పెట్టకండి, అందులో బయటి లైను తేడాలు కూడా కలిసిపోతాయి. మనకి కావలసింది ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య గాలి ఎలా ఉందనేది. కాబట్టి రౌటర్‌నే పింగ్ చెయ్యండి, అంటే దానికి ఒక ప్యాకెట్ పంపి జవాబు ఎన్ని మిల్లీసెకన్లకి వస్తుందో చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి:

```
ipconfig
netsh wlan show interfaces
ping -t -l 1400 192.168.1.1
```

మొదటి దాంట్లో `Default Gateway` ఎదురుగా ఉన్న అంకె మీ రౌటర్ చిరునామా. అది 192.168.1.1 కాకుండా 192.168.0.1 లాంటిది ఇంకేదైనా కావచ్చు, మూడో వరుసలో దాన్నే వెయ్యండి. రెండోది మీరు ఏ ఛానెల్‌లో, ఏ వేగంతో కలిశారో చూపిస్తుంది. పింగ్‌లో `-l 1400` ఎందుకంటే మామూలు పింగ్ 32 బైట్ల చిన్న ప్యాకెట్, రొద మధ్యలోంచి కూడా జారిపోతుంది. పెద్ద ప్యాకెట్ పెడితేనే గుట్టు బయటపడుతుంది.

బ్లూటూత్ ఆపి, కార్డ్‌లెస్ ఫోన్ బేస్ అడాప్టర్ పీకి, హ్యాండ్‌సెట్ బ్యాటరీ తీసి, ఓవెన్ ఆపి రెండు నిమిషాలు పింగ్ నడపండి. కంట్రోల్, సి కలిపి నొక్కితే మొత్తం లెక్క వస్తుంది. శుభ్రమైన గాలిలో ఎక్కువ జవాబులు పది మిల్లీసెకన్ల లోపు ఉంటాయి, అప్పుడప్పుడు ఒకటి ఎగరడం మామూలే. ఈ దశలోనే వందలు కనిపిస్తుంటే మీ సమస్య ఈ మూడింటిలో ఏదీ కాదు. పక్క ఫ్లాట్ల వైఫైల రద్దీ కావచ్చు, గోడలు ఎక్కువై ఉండవచ్చు. ముందు అది చూసుకోవాలి.

తర్వాత ఓవెన్‌లో ఒక గ్లాసుడు నీళ్ళు పెట్టి, మైక్రో మోడ్‌లో పూర్తి పవర్ మీద రెండు నిమిషాలు నడపండి. ఖాళీగా ఎప్పుడూ నడపకండి, మాగ్నెట్రాన్ దెబ్బతింటుంది. నీళ్ళు అయ్యాక వెంటనే కదిలించకండి, ఒక్కోసారి మరగకుండానే మరుగు వేడి దాటి ఒక్కసారిగా పొంగుతాయి. ఈ రెండు నిమిషాల్లో పింగ్ వంద, రెండు వందలు, మధ్యలో `Request timed out` అని వస్తే ఓవెన్ మీద అనుమానం బలపడినట్టే. కానీ ఇంకా తేలలేదు.

తేల్చడానికి రెండు చిన్న పరీక్షలున్నాయి. మొదటిది డీఫ్రాస్ట్. ట్రాన్స్‌ఫార్మర్ ఓవెన్‌కి తక్కువ పవర్ అంటే మాగ్నెట్రాన్ నెమ్మదించడం కాదు, కొన్ని సెకన్లు పూర్తిగా వెలిగి కొన్ని సెకన్లు పూర్తిగా ఆరడం. చెవి పెట్టి వింటే ఆ రెండింటి మధ్య ఓవెన్ గుర్రుమనే శబ్దం మారుతుంది. శబ్దం బరువెక్కినప్పుడల్లా పింగ్ చెడి, తేలికైనప్పుడల్లా బాగుపడితే దోషి మాగ్నెట్రానే. దీన్ని మించిన సాక్ష్యం ఇంట్లో దొరకదు.

రెండోది, మీది కన్వెక్షన్ ఓవెన్ అయితే, గ్రిల్ లేదా కన్వెక్షన్ మోడ్. అందులో హీటర్ మాత్రమే వెలుగుతుంది, మాగ్నెట్రాన్ పనిచెయ్యదు. (కాంబినేషన్ మోడ్ పెట్టకండి, అందులో రెండూ నడుస్తాయి.) అప్పుడు కూడా వైఫై పోతోందంటే అది రేడియో సమస్యే కాదు, కరెంటు సమస్య. ఓవెన్ వెయ్యి వాట్లకి పైగా లాగుతుంది. గోడ అవతల అదే లైను మీద, వదులైన ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద రౌటర్ ఉంటే ఓల్టేజీ పడి రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. అలాంటప్పుడు దాని దీపాలు ఆరి వెలుగుతాయి, వైఫై పేరే ఒక నిమిషం కనబడకుండా పోతుంది. ఇలాంటి ఇంట్లో ఛానెల్ మార్చుకుంటూ కూర్చుంటే ఏళ్ళు గడిచినా తేలదు, ప్లగ్ మారిస్తే అయిపోతుంది.

ఓవెన్ ఆపేసి ఇప్పుడు కార్డ్‌లెస్ ఫోన్ తిరిగి పెట్టండి. ముందు బేస్ ఊరికే ఉన్నప్పుడు, తర్వాత ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు పింగ్ చూడండి. దీని ధోరణి వేరు. 2.4 గిగాహెర్ట్జ్ డిజిటల్ కార్డ్‌లెస్ ఫోన్లు చాలావరకు బ్యాండ్ మొత్తం మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి వేగంగా గెంతుతూ మాట్లాడతాయి. గాలి ఖాళీగా ఉందా అని వైఫైలా ఆగి చూసుకోవు. మాటకి సమయం తప్పకూడదు కాబట్టి వాటి వంతు రాగానే పంపేస్తాయి. పింగ్‌లో ఓవెన్ లాగా పెద్ద గుంపులుగా కాకుండా, మాట్లాడినంతసేపూ చెల్లాచెదురుగా చిన్న చిన్న ఎగుళ్ళు కనిపిస్తాయి. బ్యాండ్ అంతా గెంతుతుంది కాబట్టి వైఫై ఛానెల్ 1కి మార్చినా 11కి మార్చినా తేడా ఉండదు. ఒకే చోట నిలిచి మాట్లాడే పాత ఫోన్లయితే ఛానెల్ మార్చడం పనిచేస్తుంది.

బేస్ తిరగేసి స్టిక్కర్ చదవండి. 2.4 గిగాహెర్ట్జ్ అని ఉంటే రౌటర్‌కి కనీసం రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టండి, టీవీ యూనిట్ మీద ఆ రెండూ పక్కపక్కన ఉండకూడదు. మార్చే ఆలోచన ఉంటే ఇక్కడి షాపుల్లో దొరికే 1.8 గిగాహెర్ట్జ్ డెక్ట్ ఫోన్ తీసుకోండి, అది వైఫై దారిలోకే రాదు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చే `DECT 6.0` ఫోన్ మాత్రం వద్దు. అది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. అక్కడ అది సక్రమం. ఇక్కడ ఆ చోటు మొబైల్ కంపెనీల 2100 బ్యాండ్‌లో ఫోన్ నుంచి టవర్‌కి వెళ్ళే దారి. మీ వైఫై బాగుపడి వీధిలో టవర్ చెడుతుంది. అక్కడినుంచే వచ్చే 5.8 గిగాహెర్ట్జ్ ఫోన్ అయితే 5 గిగాహెర్ట్జ్ వైఫైలో 149 నుంచి పై ఛానెళ్ళని కొడుతుంది.

చివరిగా బ్లూటూత్. అందరూ దీన్ని ఓవెన్ గాటన కట్టేస్తారు, కానీ పక్క గదిలో పాట పాడుతున్న బ్లూటూత్ స్పీకర్ మీ వైఫైని పెద్దగా ఏమీ చెయ్యదు. బ్లూటూత్ 79 చిన్న ఛానెళ్ళ మీద సెకనుకి 1600 సార్లు గెంతుతుంది, కానీ 2003 నాటి 1.2 వెర్షన్ నుంచి అది వైఫై ఉన్న చోట్లని గుర్తించి వదిలేస్తుంది. ఒక వైఫై 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తే దానికి ఇంకా 59 మిగులుతాయి. అపార్ట్‌మెంట్లలో 1, 6, 11 మూడూ నిండిపోయి ఉంటే మాత్రం తప్పించుకునే చోటు ఉండదు. కనీసం 20 ఛానెళ్ళైనా వాడాలని దానికి నియమం, కాబట్టి ఎక్కడో ఒకచోట తగులుతుంది.

అసలు సమస్య గాలిలో కాదు, మీ ల్యాప్‌టాప్ లోపల. చాలా ల్యాప్‌టాపుల్లో వైఫై, బ్లూటూత్ ఒకే చిప్‌లో ఉంటాయి, తరచు ఒకే యాంటెన్నా పంచుకుంటాయి. రెండూ 2.4లో ఉంటే ఒకటి మాట్లాడేటప్పుడు రెండోది ఆగాలి. హెడ్‌సెట్‌లో పాటలు వినేటప్పుడు బ్లూటూత్ ముందుగా కొంత నిల్వ చేసుకుంటుంది, వైఫైకి వీలిస్తుంది. మీటింగ్‌లో హెడ్‌సెట్ మైకు కూడా వాడగానే అది కాల్ మోడ్‌లోకి వెళ్తుంది. అక్కడ నిల్వకి వీల్లేదు, కొద్ది మిల్లీసెకన్లకోసారి దాని వంతు దానికి ఇవ్వాల్సిందే. వైఫైకి మిగిలిన ముక్కలే దక్కుతాయి. ఓవెన్ కూడా ఆన్‌లో ఉంటే ఆ ముక్కల్లో సగం రొదలో పోతాయి. మీ ఇంట్లో జరుగుతున్నది ఈ రెండూ కలిసి అయ్యుండే అవకాశం చాలా ఉంది. మీటింగ్‌లో ఉండి, ఓవెన్ నడుస్తుండగా ముందు హెడ్‌సెట్ లేకుండా, తర్వాత హెడ్‌సెట్‌తో అదే పింగ్ చూడండి. రెండింటి మధ్య తేడాయే బ్లూటూత్ వాటా.

ఇక మీ ఇంటికి చెయ్యాల్సినవి, ఏది ముందో ఆ వరుసలో చెబుతాను.

మొదట ల్యాప్‌టాప్‌కి 5 గిగాహెర్ట్జ్ ఉందేమో చూడండి:

```
netsh wlan show drivers
```

`Radio types supported` వరుసలో `802.11ac` గానీ `802.11a` గానీ కనిపిస్తే ఉన్నట్టే. రౌటర్ పేజీలో 5 గిగాహెర్ట్జ్‌కి వేరే పేరు పెట్టండి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఎటు వెళ్ళాలో పరికరానికే వదిలేసే సెట్టింగ్ ఉంటే దాన్ని ఆపండి, అది దూరం గదుల్లో తరచు 2.4 వైపే తోస్తుంది. ల్యాప్‌టాప్‌లో పాత 2.4 పేరుని మరిచిపోమని చెప్పి, 5 దానికే కలపండి. దీంతో ఓవెన్, 2.4 కార్డ్‌లెస్ మీ దారిలోంచి పోతాయి. బ్లూటూత్‌తో గాలిలో పోటీ కూడా పోతుంది, హెడ్‌సెట్‌ని హాయిగా వాడుకోవచ్చు.

వెనక గదికి 5 గిగాహెర్ట్జ్ అందుతుందా అన్నదే అసలు ప్రశ్న. మన ఇటుక గోడలు దాన్ని 2.4 కంటే ఎక్కువగా మింగుతాయి. మీరు పని చేసే కుర్చీలో కూర్చుని `netsh wlan show interfaces`లో `Signal` చూడండి. 60 శాతం, ఆపైన ఉంటే మీటింగ్‌కి చాలు. బాగా తక్కువ ఉంటే రౌటర్ నుంచి ఆ గదికి ఒక క్యాట్ 6 కేబుల్ లాగడమే శాశ్వత పరిష్కారం. నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి, లేదా ఆ గదిలో ఒక చిన్న రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి దానికి ఇవ్వండి. వైర్‌లెస్ రిపీటర్ కొనకండి. 2.4 రిపీటర్ ప్రతి ప్యాకెట్‌ని గాలిలోకి రెండుసార్లు పంపుతుంది, అంటే ఓవెన్ దెబ్బ రెండుసార్లు తినాలి.

మీ ఫైబర్ కంపెనీ ఇచ్చిన పెట్టెలో 2.4 ఒక్కటే ఉంటే, దాని లాన్ పోర్టు నుంచి కేబుల్‌తో ఒక డ్యూయల్ బ్యాండ్ రౌటర్ కలిపి, పాత పెట్టె వైఫై ఆపేయండి. ఆపకపోతే అదే మీ 2.4కి ఇంకో పొరుగువాడవుతుంది.

రెండో పని రౌటర్ చోటు. ఆ ఉమ్మడి గోడ వదిలి హాల్లో ఎదురు గోడకి, తల ఎత్తులో పెట్టండి. ఓవెన్ నుంచి ఒక మీటరు దూరం నాలుగు మీటర్లైతే దాని రొద పదహారో వంతుకి తగ్గుతుంది. అదే సమయంలో రౌటర్ వెనక గదికి కూడా దగ్గరైతే సిగ్నల్ పెరిగి రెండువైపులా లాభం. చూడాల్సింది ఒకటే: రౌటర్‌నీ మీ బల్లనీ కలుపుతూ గీత గీస్తే అది కిచెన్ ప్లాట్‌ఫారం మీదుగా పోకూడదు. పెద్ద యాంటెన్నాలు కొనడం దీనికి బదులు కాదు. అవి మీ సిగ్నల్‌తో పాటు ఓవెన్ రొదని కూడా పెద్దగా వింటాయి. ఓవెన్‌కి అల్యూమినియం రేకు చుట్టే సలహాలు అసలు పాటించకండి, గాలి రంధ్రాలు మూసుకుపోయి అది వేడెక్కుతుంది.

మూడోది, స్మార్ట్ ప్లగ్గులు, చవక కెమెరాలు, పాత ఫోన్ల కోసం 2.4 ఎలాగూ ఉంచాలి కదా, దాని సెట్టింగ్‌లు. ఛానెల్ 11 అంటే 2452 నుంచి 2472 మెగాహెర్ట్జ్ వరకు. ఎక్కువ ఓవెన్లు 2450 చుట్టూ, దాని పైనే తిరుగుతాయి. మీరు సరిగ్గా దాని ఎదురుగా ఉన్నారు. ఛానెల్ 1 అంటే 2402 నుంచి 2422, ఓవెన్‌కి అందరికంటే దూరం. చేత్తో 1 పెట్టండి. ఆటో వదిలేయకండి, చాలా రౌటర్లు ఆన్ అయినప్పుడు ఒకసారి గాలి చూసి ఛానెల్ ఎంచుకుంటాయి, ఆ క్షణంలో ఓవెన్ ఆగి ఉంటుంది కాబట్టి అది లెక్కలోకే రాదు. పక్కవాళ్ళు తప్పించుకోవాలని 3, 4 పెట్టకండి, 1 వాళ్ళతోనూ 6 వాళ్ళతోనూ సగం సగం తగులుకుంటారు. 12, 13 మన దేశంలో వాడొచ్చు గానీ అవి ఓవెన్ వైపే ఉన్నాయి, పైగా అమెరికాలో కొన్న ల్యాప్‌టాపులకి చాలావాటికి అవి కనిపించవు.

ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చెయ్యండి, 40 వద్దు. 40 పెడితే బ్యాండ్‌లో సగం ఆక్రమిస్తారు, ఎక్కడ పెట్టినా ఓవెన్‌కో పొరుగుకో తగులుతుంది. మోడ్‌లో `b/g/n` ఉంటే `g/n` చెయ్యండి. దీంతో 1 ఎంబీపీఎస్ లాంటి పాత వేగాలు పోతాయి, అతి నెమ్మది అంటే 6. ఆ వేగంలో 1500 బైట్ల ప్యాకెట్‌కి సుమారు 2 మిల్లీసెకన్లు, ఓవెన్ ఇచ్చే పది మిల్లీసెకన్ల సందులో సుఖంగా పడుతుంది. మరీ పాత ప్రింటర్‌ లాంటిది ఏదైనా ఇంట్లో ఉంటే ఇది మార్చాక కలవకపోవచ్చు, అలా అయితే వెనక్కి తిప్పండి. ఒక్కో మార్పు చేశాక అదే గ్లాసు నీళ్ళతో అదే పింగ్ మళ్ళీ నడపండి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇవన్నీ చేశాక ఓవెన్ తలుపు ఒకసారి చూడండి. అంచున పేరుకున్న నూనె జిడ్డు తడిగుడ్డతో తుడవండి. తలుపు ఒక పక్క వంగిందా, మూస్తే గట్టిగా పట్టుకుంటోందా, అద్దం లోపలి జాలీ తుప్పు పట్టిందా గమనించండి. ఏళ్ళుగా బాగున్న వైఫై ఈ మధ్యే ఓవెన్‌తో తడబడటం మొదలైతే, తలుపులో కూడా లోపం కనిపిస్తే, ఓవెన్ వాడకం ఆపి లీకేజీ మీటరు ఉన్న సర్వీస్ మనిషిని పిలవండి. మీరుగా వెనక మూత విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో ప్లగ్ పీకాక కూడా వేల ఓల్టుల కరెంటు నిలిచి ఉండొచ్చు.